మాట తడబడే పసివాళ్లు: ఎంతకాలం ఆగి చూడాలి?

నిన్నటిదాకా వసపిట్టలా కబుర్లు చెప్పిన మూడేళ్ల పిల్లవాడు ఉన్నట్టుండి "అ అ అ అమ్మా, నా నా నా బొమ్మ ఏదీ" అనడం మొదలుపెడతాడు. తల్లి గుండె గుభేలుమంటుంది. పిల్లల డాక్టరుని అడిగితే "ఈ వయసులో మామూలే, పెద్దయ్యాక పోతుంది" అంటారు. వీడియో కాల్‌లో అమ్మమ్మ "మెల్లిగా చెప్పు నాన్నా" అంటుంది. నానమ్మ "పుట్టినప్పుడు వస పోయలేదా?" అని అడుగుతుంది. భర్తేమో "రెండు భాషలతో తికమకపడుతున్నట్టున్నాడు, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడదాం" అంటాడు.

నేను అమెరికాలో చిన్నపిల్లల స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మన తెలుగు తల్లులు నా దగ్గరికి వచ్చేసరికి ఈ నాలుగు మాటలూ విని ఉంటారు. వాటిలో డాక్టరుగారి మాట సగం నిజం. మిగతా మూడింటితో బిడ్డకి ఒరిగేదేమీ లేదు. ఆ సగం నిజం వెనక ఉన్న మిగతా సగం గురించే ఈ వ్యాసం.

ముందు నిజమైన సగం చెబుతాను. నత్తి సాధారణంగా రెండేళ్లకీ ఐదేళ్లకీ మధ్య మొదలవుతుంది. పిల్లలు పొడుగు వాక్యాలు కూర్చడం నేర్చుకునే వయసు అది. నూటికి ఐదుగురికి పైగా పిల్లలకి ఏదో ఒక దశలో నత్తి వస్తుంది. వాళ్లలో దాదాపు నలుగురిలో ముగ్గురికి తగ్గిపోతుంది. అందుకే పెద్దవాళ్లలో నూటికి ఒక్కరిలోనే నత్తి కనిపిస్తుంది. ఈ లెక్క చూసే చాలామంది డాక్టర్లు ఆగి చూడమంటారు.

మిగతా సగం ఏమిటంటే, ఆ నలుగురిలో నాలుగో బిడ్డ ఎవరో మొదటి రోజున ఎవరూ చెప్పలేరు. పైగా థెరపీ బాగా పనిచేసేది ఆరేళ్లలోపే. బడి వయసు దాటాక కూడా థెరపీ ఉపయోగపడుతుంది. కానీ అప్పటికి నత్తి పూర్తిగా పోవడం అరుదవుతుంది. నత్తి ఉన్నా జంకకుండా, సులువుగా మాట్లాడగలగడం అప్పుడు లక్ష్యమవుతుంది. కాబట్టి ఎదురుచూడటంలో తప్పు లేదు గానీ, దానికో లెక్కా ఒక గడువూ ఉండాలి.

ఏది మామూలు తడబాటు, ఏది నత్తి

చిన్నపిల్లలందరూ తడబడతారు. "మరేమో... మరేమో... అప్పుడేమో పిల్లి వచ్చింది" అంటే అది మామూలే. "నేను పార్కుకి... నేను పార్కుకి వెళ్తా" అని మొత్తం మాటల్ని తిరిగి చెప్పడం మామూలే. "నాకు యాపిల్... కాదు, అరటిపండు కావాలి" అని వాక్యం మార్చుకోవడమూ మామూలే. పిల్లవాడు ఏం చెప్పాలో ఆలోచించుకుంటున్నాడని దాని అర్థం. ముఖంలో ఎలాంటి శ్రమా కనిపించదు.

నత్తి తీరు వేరు. అది మూడు రకాలుగా వినిపిస్తుంది. మొదటిది, మాటలో ఒక ముక్క పదేపదే రావడం: "పా పా పా పాలు". రెండోది, శబ్దం సాగిపోవడం: "స్‌స్‌స్‌స్సరే". మూడోది, మాట గొంతులోనే ఆగిపోవడం. నోరు తెరుచుకుంటుంది, పెదవులు బిగుసుకుంటాయి, కానీ శబ్దం రాదు. ఒకటి రెండు సెకన్ల తర్వాత మాట ఒక్కసారిగా బయటికి తన్నుకొస్తుంది. తల్లులు ఈ మూడోదాన్ని తరచు గుర్తించరు, ఎందుకంటే వినడానికి ఏమీ ఉండదు. బిడ్డ ముఖం చూస్తేనే తెలుస్తుంది. వంద మాటల్లో ఇలాంటివి మూడో అంతకు మించో ఉంటే దాన్ని నత్తిగానే లెక్కిస్తాం.

ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక సంగతి చెప్పాలి. తెలుగులో "చిన్న చిన్న", "గబగబా", "వేడివేడిగా" లాంటి జంట మాటలు సహజం. తెలుగు రాని థెరపిస్టు మీ బిడ్డ మాట వింటూ వీటిని కూడా నత్తి కింద లెక్కేసే ప్రమాదం ఉంది. అలాగే, రెండు భాషల పిల్లలు మాటలు వెతుక్కుంటూ మామూలు తడబాట్లు కాస్త ఎక్కువగా చూపిస్తారు. కాబట్టి పరీక్షకు వెళ్లినప్పుడు పక్కన కూర్చుని "ఇది మా భాషలో మామూలే" అని చెప్పడానికి మొహమాటపడకండి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ మాట్లాడిన వీడియోలు రెండూ పట్టుకెళ్లండి.

ఎవరి వల్లా రాలేదు

1940ల్లో అమెరికాలో వెండెల్ జాన్సన్ అనే శాస్త్రవేత్త, నత్తి బిడ్డ నోట్లో కాదు, దాన్ని నత్తి అని పిలిచే తల్లిదండ్రుల చెవిలో పుడుతుందన్న వాదాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాతి పరిశోధనల్లో అది నిలబడలేదు. అయినా "పట్టించుకుంటే ఎక్కువవుతుంది, పట్టించుకోకండి" అనే సలహా మాత్రం దశాబ్దాలపాటు మిగిలిపోయింది. మీ డాక్టరుగారి నోటి నుంచి వచ్చే "పట్టించుకోకండి"లో దాని నీడ కొంత ఉంది.

ఇప్పుడు మనకు తెలిసినదాని ప్రకారం, నత్తికి మూలం మెదడులో మాటను నడిపించే తీరులోని చిన్న తేడా. వంశపారంపర్యం అందులో పెద్ద పాత్ర వహిస్తుంది. నత్తి ఎక్కువగా ఉన్న పాకిస్తానీ కుటుంబాలను పరిశీలించిన అమెరికా పరిశోధకులు దానితో సంబంధమున్న మొదటి జన్యువులను 2010లో ప్రకటించారు. తల్లి ఉద్యోగం చేయడం వల్లో, ఒకసారి గట్టిగా కసిరినందుకో, చెల్లెలు పుట్టినందుకో నత్తి రాదు. ఇంట్లో హడావుడి, అలసట, ఉత్సాహం అప్పటికే ఉన్న నత్తిని కొన్నాళ్లు పెంచగలవు, అంతే. అత్తగారింట్లోనో పుట్టింట్లోనో ఈ విషయంలో మీ మీద మాట పడితే, ఈ ఒక్క సంగతీ నిదానంగా చెప్పండి.

రెండు భాషల వల్ల నత్తి రాదు. తెలుగు మానేస్తే నత్తి తగ్గుతుందనడానికి ఆధారం లేదు. తెలుగు మానేస్తే బిడ్డ తన మనసులో మాట అమ్మమ్మకి చెప్పుకునే దారి మాత్రం మూసుకుపోతుంది.

వస గురించి కూడా తెలుసుకోవాలి. వస కొమ్ములో బీటా అసరోన్ అనే రసాయనం ఉంటుంది. దాని వల్లనే అమెరికా ప్రభుత్వం 1968 నుంచీ వసను ఆహారపదార్థాల్లో వాడకుండా నిషేధించింది. ఇండియా నుంచి వచ్చినవాళ్లు తెచ్చినా బిడ్డ నాలుక మీద రాయకండి. నాలుక కింద నరం కత్తిరిస్తే నత్తి పోతుందనేది కూడా నిజం కాదు. ఆ నరం బిగుతుగా ఉంటే పాలు తాగడానికి ఇబ్బంది కావచ్చు గానీ, నత్తికి దానితో సంబంధం లేదు.

ఇంట్లో ఏం చేయాలి

నత్తి మొదలైన రోజు నుంచే చేయదగ్గ పనులు కొన్ని ఉన్నాయి. వీటివల్ల బిడ్డకు మాట తేలికవుతుంది. నత్తి పోతుందా లేదా అన్నది ఇవి ఒక్కటే తేల్చవు. అయినా థెరపీ అవసరం పడినా పడకపోయినా ఇవి ఉపయోగపడతాయి.

అన్నిటికంటే ముందు, మానుకోవలసిన మాటలు: "మెల్లిగా చెప్పు", "గాలి పీల్చుకుని చెప్పు", "మళ్లీ సరిగ్గా చెప్పు". ఇవి ప్రేమతో అనే మాటలే. కానీ బిడ్డకి వినిపించేది "నువ్వు మాట్లాడే తీరు బాగాలేదు" అనే. మాట పూర్తి చేయబోతున్న బిడ్డ నోటి నుంచి దాన్ని మనం అందుకుని ముగించడం కూడా అంతే. బిడ్డ కళ్లలోకి మామూలుగా చూస్తూ, మాట పూర్తయ్యేదాకా ఆగండి. తర్వాత అతను చెప్పిన సంగతికి జవాబు చెప్పండి, చెప్పిన తీరుకి కాదు.

రెండోది, బిడ్డని నెమ్మదించమనే బదులు మనం నెమ్మదించాలి. మనవాళ్లు సహజంగానే గుక్కతిప్పుకోకుండా మాట్లాడతారు. ఒక్కో అక్షరం సాగదీయనక్కర్లేదు, మాటల గుంపుల మధ్య చిన్న విరామం ఇస్తే చాలు. "ఇవాళ... మనం పార్కుకి వెళ్దాం... అక్కడ ఉయ్యాల ఎక్కుదువుగాని." బిడ్డ మాట ముగించాక ఒక సెకను ఆగి జవాబివ్వండి. అలా ఆగితే, ఇంట్లో మాటకు తొందరేమీ లేదని బిడ్డకి చెప్పకుండానే తెలుస్తుంది.

మూడోది, ప్రశ్నలు తగ్గించడం. డే కేర్ నుంచి తీసుకొస్తూ కారులో "ఏం తిన్నావు? ఎవరితో ఆడావు? టీచర్ ఏం చెప్పింది?" అని వరసగా అడుగుతాం. ఒక్కో ప్రశ్నా బిడ్డని వెంటనే వాక్యం కూర్చమని తొందరపెడుతుంది. దానికి బదులు "నీ చేతికి నీలం రంగు అంటింది. ఇవాళ బొమ్మలు వేసినట్టున్నారు" అని ఊరుకోండి. చెప్పాలనిపిస్తే తనే మొదలుపెడతాడు, తనకి వచ్చిన మాటలతో.

నాలుగోది, రోజుకి ఐదు నిమిషాలు. లండన్‌లోని మైకేల్ పేలిన్ సెంటర్‌వాళ్లు తల్లిదండ్రులకు నేర్పే పద్ధతిలో ఇది ముఖ్యమైన భాగం. వారానికి మూడు నుంచి ఐదుసార్లు, ఫోన్ పక్కన పెట్టి, టీవీ ఆపి, బిడ్డ ఎంచుకున్న ఆట ఐదు నిమిషాలు ఆడతారు. అందులో అమ్మ బిడ్డ వెనకాలే వెళుతుంది. పైన చెప్పిన విరామాలూ, ప్రశ్నలు తగ్గించడమూ అక్కడే సాధన చేయాలి. రోజంతా అలా మాట్లాడటం ఏ తల్లికీ సాధ్యం కాదు. ఐదు నిమిషాలు సాధ్యమే. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ వేరువేరుగా ఇవ్వండి. లేకపోతే పెద్దది మధ్యలో దూరి తమ్ముడి మాటని తనే పూర్తి చేస్తుంది.

ఇక వీడియో కాల్. శనివారం పొద్దున్న ఇండియాకి ఫోన్ చేస్తాం. అవతల నలుగురు ఒకేసారి పలకరిస్తారు, గొంతు కాస్త ఆలస్యంగా చేరుతుంది. "తాతకి పద్యం చెప్పు, అత్తకి ఏబీసీడీలు చెప్పు" అని మనమే వెనక నుంచి తోస్తాం. నత్తి ఉన్న బిడ్డకి ఇంతకంటే కష్టమైన పరిస్థితి ఉండదు. కాల్ మానక్కర్లేదు. ముందురోజే అమ్మతో మాట్లాడి, బిడ్డతో ఒకరే మాట్లాడేలా, ప్రదర్శనలు అడగకుండా చూడమనండి. బిడ్డ తన బొమ్మలు చూపిస్తుంటే వాళ్లు చూస్తే చాలు.

బిడ్డ తనంతట తనే "నాకు మాట రావట్లేదమ్మా" అంటే, విననట్టు ఉండకండి. "అవును, ఆ మాట కాస్త ఇరుక్కుంది కదా. ఫర్వాలేదు, నేను వింటున్నాను" అనండి. దెబ్బ తగిలి వస్తే ఎలా మాట్లాడతామో అలాగే.

పుస్తకంలో రోజుకో అంకె

లెక్కతో ఎదురుచూడాలన్నాను కదా, ఆ లెక్క ఇది. ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని, రాత్రి పడుకునే ముందు ఆ రోజుకి ఒక అంకె వేయండి. అసలు నత్తే వినిపించకపోతే 0, మీరు తప్ప ఎవరూ గమనించనంత కొంచెం ఉంటే 1, ఊహించగలిగినంత తీవ్రంగా ఉంటే 9. పక్కన ఒక్క వాక్యం: జ్వరం, పుట్టినరోజు పార్టీ, నిద్ర తక్కువ, ఏదైనా. అంతకంటే ఎక్కువ రాయొద్దు, రాస్తే పదో రోజుకి మానేస్తారు.

దీని అవసరమేమిటంటే, నత్తి కెరటంలా వస్తుంది, పోతుంది. రెండు వారాలు దాదాపు మాయమవుతుంది. తల్లి ఊపిరి పీల్చుకుని అపాయింట్‌మెంట్ రద్దు చేస్తుంది. మూడో వారం మళ్లీ వస్తుంది. అప్పటికి వెయిటింగ్ లిస్టులో చోటు పోతుంది. ఒక్క మంచి వారాన్ని బట్టి నిర్ణయించకండి. నెలకి నెల పోల్చి చూడండి. తగ్గిపోయే నత్తి సాధారణంగా నెలలు గడిచేకొద్దీ దిగుతూ వస్తుంది. తీవ్రంగా ఉన్న రోజుల్లో ఫోన్‌లో రెండు మూడు నిమిషాల వీడియో తీసి పెట్టుకోండి, బిడ్డకి తెలియకుండా, ఆటల మధ్యలో. క్లినిక్‌లో కొత్త ఆటబొమ్మల మధ్య ఆ బిడ్డే సాఫీగా మాట్లాడేస్తాడు, "ఏమీ లేదే" అని పంపేస్తారు.

ఇక ఆగకూడదని చెప్పే గుర్తులు

పరీక్ష చేయించుకోవడానికి ఏ గడువూ అక్కర్లేదు. మీకు కంగారుగా ఉంటే అదే చాలు. థెరపీ మొదలుపెట్టాలా అనేదానికే ఈ గుర్తులు చూస్తాం.

కుటుంబంలో, ముఖ్యంగా తల్లి, తండ్రి, తోబుట్టువులు, మేనమామ, మేనత్త లాంటి దగ్గరివాళ్లలో పెద్దయ్యాక కూడా నత్తి మిగిలిపోయినవాళ్లు ఉండటం అన్నిటికంటే బలమైన గుర్తు. మన ఇళ్లలో ఇలాంటివి దాస్తారు, పెళ్లి సంబంధాల భయంతో. మామగారిని నేరుగా అడగలేకపోతే భర్త చేత అడిగించండి. ఆ నత్తి చిన్నప్పుడే పోయిందా, ఉండిపోయిందా అని కూడా అడగండి, ఎందుకంటే పోయే తీరు కూడా కుటుంబాల్లో నడుస్తుంది.

మగపిల్లల్లో నత్తి ఉండిపోయే అవకాశం ఎక్కువ. ఆడపిల్లలకు తగ్గే అవకాశం ఎక్కువ. మూడున్నరేళ్లు దాటాక మొదలైతే మిగిలిపోయే అవకాశం పెరుగుతుంది. మొదలై ఆరు నెలలు దాటినా మీ పుస్తకంలో అంకెలు దిగకపోతే ఇక ఆగకండి. ఏడాది దాటితే ఏ గుర్తూ లేకపోయినా ఆగకండి. మాటలు ఆలస్యంగా రావడం, కొన్ని అక్షరాలు పలకకపోవడం కూడా తోడైతే ఇంకా ముందే వెళ్లండి.

గడువుతో పని లేకుండా వెంటనే తీసుకెళ్లవలసిన సందర్భం మరొకటి ఉంది. మాట కోసం బిడ్డ కళ్లు గట్టిగా మూసుకోవడం, తల ఊపడం, కాలు నేలకేసి కొట్టడం, గొంతు పైకి ఎగబాకడం కనిపిస్తే, లేదా అడగవలసింది అడగకుండా వేలితో చూపించడం, "నువ్వే చెప్పు" అని అమ్మ వెనక దాక్కోవడం మొదలైతే, మాట్లాడటం కష్టమని బిడ్డకి తెలిసిపోయిందని అర్థం. మూడేళ్లకే కొందరికి తెలుస్తుంది. పుస్తకంలో అంకె చిన్నదైనా సరే, మాటలు మింగేస్తున్న బిడ్డ విషయంలో ఆగకూడదు. ఇక తలకి దెబ్బ తగిలిన తర్వాతో, నడక తూలడం, చేయి బలహీనపడటం లాంటివాటితో కలిసో మాట మారితే, అది నత్తి కింద చూడవలసినది కాదు. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒక బాబు కథ

గుర్తుపట్టకుండా వివరాలు మార్చి ఒక కేసు చెబుతాను. న్యూజెర్సీలో ఉండే తెలుగు కుటుంబం. బాబుకి మూడేళ్ల ఒక నెల వయసులో నత్తి మొదలైంది. డాక్టరు ఆగమన్నారు. ఏడు నెలల తర్వాత, మూడేళ్ల ఎనిమిది నెలలప్పుడు, నా దగ్గరికి వచ్చారు. వాళ్లమ్మ తమ్ముడికి ముప్పై ఏళ్లు, ఇంకా నత్తి ఉంది. అంటే మగబిడ్డ, ఆరు నెలలు దాటింది, మేనమామకి మిగిలిపోయింది. మూడు గుర్తులు.

మొదటి వారం తల్లి వేసిన అంకెలు: 4, 5, 3, 6, 6, 2, 4. ఆ రెండు ఆరులూ శని, ఆదివారాలు. వాక్యాలు చదివితే రెండు రోజులూ ఇండియా కాల్స్, మధ్యాహ్నం నిద్ర లేదు. నా దగ్గర ఖాళీ దొరికేదాకా ఆరు వారాలు ఇంట్లో మార్పులు చేయించాం. ఆరులు నాలుగుకి దిగాయి. కానీ అక్కడే ఆగాయి. పైగా బాబు "నువ్వే చెప్పు" అనడం మొదలుపెట్టాడు. దాంతో లిడ్‌కమ్ పద్ధతి ప్రారంభించాం.

ఇది ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర లిడ్‌కమ్ అనే చోట పుట్టిన పద్ధతి, ఆరేళ్లలోపు పిల్లల కోసం. ఇందులో థెరపిస్టు తల్లికి నేర్పుతుంది, తల్లి బిడ్డకి రోజూ పదీ పదిహేను నిమిషాలు సాధన చేయిస్తుంది. మొదట్లో బొమ్మల పుస్తకం తీసుకుని, బిడ్డ సాఫీగా చెప్పగలిగే పొట్టి జవాబులు వచ్చేలా ఆడతారు. సాఫీగా వచ్చినప్పుడు తల్లి అప్పుడప్పుడూ "భలే సాఫీగా చెప్పావు" అంటుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే, తేలిగ్గా, "అది కాస్త ఇరుక్కుంది కదా" అంటుంది, లేదా ఇంకోసారి చెబుతావా అని అడుగుతుంది. మెప్పులు చాలా, దిద్దుబాటు అతి తక్కువ. ఆ పాళ్లు తప్పితే బిడ్డకి అది తిట్టులా వినిపిస్తుంది. అందుకే ఇది చదివి మీ అంతట మీరు మొదలుపెట్టకండి. వారం వారం థెరపిస్టు చూసి సరిచేస్తుండాలి.

వాళ్లు సాధన తెలుగులోనే చేశారు. బిడ్డ అమ్మతో మాట్లాడే భాష అదే కాబట్టి. మూడో వారానికి ఎక్కువగా మూడులు వచ్చాయి. ఎనిమిదో వారంలో పెళ్లికి హైదరాబాద్ వెళ్లారు, నిద్రలు తప్పాయి, సాధన ఆగింది, మళ్లీ ఐదు. తిరిగొచ్చాక పది రోజులు పొట్టి జవాబుల ఆటకి వెనక్కి వెళ్లాం. పంతొమ్మిదో వారంలో మొదటిసారి నాలుగు రోజులు 0, మూడు రోజులు 1. వరసగా మూడు వారాలు అలా ఉంటేనే మొదటి దశ ముగిసినట్టు. తర్వాత నన్ను రెండు వారాలకోసారి, నాలుగు వారాలకోసారి, ఎనిమిది వారాలకోసారి కలిశారు. ఈ రెండో దశ ఏడాది దాకా పడుతుంది. బాగానే ఉన్నాడు కదా అని చాలామంది మానేసేది ఇక్కడే, నత్తి తిరిగొచ్చేదీ ఇక్కడే. ఈ బాబుకి కిండర్‌గార్టెన్ మొదలైన వారం అంకె మూడుకి పెరిగింది. రెండు వారాలు రోజువారీ సాధన మళ్లీ పెట్టాక దిగింది.

అందరికీ ఇలాగే అవుతుందని చెప్పను. కొందరికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది, కొందరికి కొంచెం మిగిలిపోతుంది. పద్ధతి ఇదొక్కటే కాదు. ఇంటి మాటతీరుని మార్చడం మీద ఆధారపడిన మరో పద్ధతిని దీనితో నెదర్లాండ్స్‌లో పోల్చి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదిన్నర తర్వాత రెండూ దాదాపు సమానంగా తేలాయి. మీ థెరపిస్టుకి ఏది బాగా వచ్చో అడగండి, చిన్నపిల్లల నత్తితో ఎంతమందిని చూశారో కూడా అడగండి. చాలామంది స్పీచ్ థెరపిస్టులు నత్తి కేసులు తక్కువగా చూస్తారు.

ఎక్కడికి వెళ్లాలి

అమెరికాలో బిడ్డకి మూడేళ్లు నిండకపోతే మీ రాష్ట్రపు ఎర్లీ ఇంటర్వెన్షన్‌కి మీరే ఫోన్ చేయవచ్చు, డాక్టరు చీటీ అక్కర్లేదు. మూడేళ్లు నిండితే మీ ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా ఉత్తరమో ఈమెయిలో పంపండి: "మా బాబుకి నత్తి ఉంది, పరీక్ష చేయమని కోరుతున్నాను." బిడ్డ ఆ బడిలో చదవనక్కర్లేదు. పరీక్ష ఉచితం, మీ వీసా ఏదన్న దానితో పని లేదు. ఉత్తరం మీద తేదీ వేసి ప్రతి దాచుకోండి. అయితే బడివాళ్ల దృష్టి చదువు మీద నత్తి ప్రభావం ఎంతన్నదాని మీద ఉంటుంది, తల్లికి వారం వారం నేర్పడం అక్కడ తరచు కుదరదు. అందుకే బయట క్లినిక్ కోసం ఇన్సూరెన్స్‌ని కూడా అడగండి. బాల్యంలో మొదలైన నత్తికి వాడే కోడ్ F80.81. "ఈ కోడ్‌కి స్పీచ్ థెరపీ వస్తుందా, ఏడాదికి ఎన్నిసార్లు?" అని కోడ్‌తో సహా అడిగితేనే స్పష్టమైన జవాబు వస్తుంది. జబ్బు వల్లనో దెబ్బ వల్లనో పోయిన మాటకు మాత్రమే డబ్బిచ్చే పాలసీలు ఉంటాయి.

బ్రిటన్‌లో చాలా ప్రాంతాల్లో తల్లిదండ్రులే నేరుగా ఎన్‌హెచ్‌ఎస్ స్పీచ్ థెరపీకి రాసుకోవచ్చు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి, దగ్గరలో థెరపిస్టు దొరకనివాళ్లకి వీడియో ద్వారా చేసే దారి ఉంది. లిడ్‌కమ్ పద్ధతి వీడియోలో కూడా క్లినిక్‌లో చేసినట్టే పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో పోల్చి చూశారు. సాధన చేయించేది తల్లే కాబట్టి అది సాధ్యమైంది. తెలుగు తెలిసిన థెరపిస్టు కావాలంటే, వినికిడి, మాట సమస్యల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలీ యావర్ జంగ్ ఇన్‌స్టిట్యూట్‌కి సికింద్రాబాద్‌లో శాఖ ఉంది. సెలవులకి వెళ్లినప్పుడు అక్కడ చూపించుకోవచ్చు.

ఈ రాత్రి బిడ్డ పడుకున్నాక నోటుపుస్తకం మొదటి పేజీలో మూడు సంగతులు రాసుకోండి: నత్తి మొదలైన నెల, కుటుంబంలో ఎవరికుందో, ఇవాళ్టి అంకె. మొదలైన నెలకి ఆరు కలిపితే వచ్చే నెలని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. పైన చెప్పిన గుర్తుల్లో ఏదైనా ఉంటే ఆ నెల దాకా కూడా ఆగక్కర్లేదు, రేపే ఫోన్ చేయండి. వెయిటింగ్ లిస్టులు ఎలాగూ నెలల తరబడి ఉంటాయి. మీ వంతు వచ్చేలోపు నత్తి పోతే, ఫోన్ చేసి "మాకు అవసరం లేదు" అని చెప్పేయవచ్చు. ఆ మాట వినడం మా థెరపిస్టులకి ఎప్పుడూ సంతోషమే.